మాట వినకపోతే అర్థం కాని కథ కావాలి

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు ‘తెలుగు కార్టూన్లు’ అని వెతికితే దొరికేవాటికి కొదవ లేదు. పాటల వీడియోలు, నీతికథలు, హిందీ నుంచి డబ్ అయినవి, పౌరాణికాలు వరసగా వస్తాయి. ఒకటి పెట్టి పిల్లవాణ్ణి కూర్చోబెడితే కళ్లార్పకుండా చూస్తాడు. ఇంట్లో తెలుగు వినబడుతోంది కదా అని పెద్దవాళ్లకు తృప్తి. అయితే ఆ ఇరవై నిమిషాల్లో వాడి కళ్లు ఎంత పనిచేశాయో, చెవులు ఎంత పనిచేశాయో ఎవరూ చూడరు. పిల్లల కార్యక్రమాన్ని ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అదే.

అందుకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. పిల్లలు పక్కన లేనప్పుడు ఆ కార్యక్రమాన్ని ఓ ఐదు నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. కథంతా మీకు అర్థమైపోయిందంటే పిల్లలకూ అర్థమైపోతుంది, తెలుగు అవసరం లేకుండానే. తరుముకోవడాలు, జారిపడడాలు, గుద్దులాటల మీద నడిచే కార్టూన్లు చాలావరకు ఇక్కడే తప్పిపోతాయి. వాటికి ఏ భాషలో డబ్బింగ్ చెప్పినా మాట వెనకాల మోగే వాయిద్యం లాంటిదే. అలా కాకుండా శబ్దం లేనప్పుడు ‘వీళ్లిద్దరూ దేనికి వాదించుకుంటున్నారు, ఆ ముసలమ్మ ఏం వద్దంటోంది’ అని మీకే తోచకపోతే, ఆ కార్యక్రమాన్ని పక్కన పెట్టుకోవచ్చు. దానిలో మాట వింటే తప్ప కథ ముందుకు పోదు.

తర్వాత ఫోన్ బోర్లా పెట్టి ఇంకో ఐదు నిమిషాలు వినండి. ఈసారి గమనించాల్సింది ఎలాంటి మాటలు వినబడుతున్నాయని. పాటల వీడియోల్లో ఎక్కువగా పేర్లుంటాయి: రంగులు, పళ్లు, జంతువులు, అంకెలు. రెండు మూడేళ్ల వయసులో అవి బాగానే ఉంటాయి. కానీ బయటి దేశంలో పెరిగే పిల్లలకు రానివి ఈ పేర్లు కావు. ఏనుగు, చిలక, మామిడిపండు అనగలిగిన పిల్ల ‘వాడు రానంటే నువ్వు వెళ్లకు’ అనలేకపోతుంది. తెలుగులో బరువంతా క్రియ మీదే ఉంటుంది. వస్తాను, వచ్చాడు, వచ్చింది, రాలేదు, రానివ్వు, వస్తే, వచ్చేసరికి, రావాల్సింది... ఎవరు, ఎప్పుడు, అయిందా లేదా అన్నవన్నీ ఆ చివరి ముక్కే చెబుతుంది. దీన్ని పాఠంగా చెప్పి లాభం లేదు. అడగడం, కాదనడం, బతిమాలడం, బెదిరించడం వంటి సందర్భాల్లో మళ్లీ మళ్లీ చెవిన పడితేనే పట్టుబడుతుంది.

అందుకే నీతికథల వీడియోలతో కూడా జాగ్రత్త అంటాను. చాలావాటిలో ఒకే గొంతు కథ చదువుకుంటూ పోతుంది. ‘వెళ్లింది, చూసింది, అనుకుంది’ తప్ప నేను, నువ్వు, మనం అనే మాటలకు అక్కడ చోటు తక్కువ. అలాంటివే వింటూ పెరిగిన పిల్లకు నక్క ఏం చేసిందో చెప్పడం వస్తుంది గానీ తనకేం కావాలో అడగడం రాదు. డబ్బింగ్ కార్టూన్లతో ఉన్న ఇబ్బంది వేరు. బొమ్మ నోరు కదిలే మేరకు మాట సరిపోవాలి కాబట్టి వాక్యాన్ని సాగదీస్తారు, లేదా కుదిస్తారు. స్నేహితులు ఒకరినొకరు ‘మిత్రమా’ అని పిలుచుకుంటారు. ఆ మాట పలికే ఇల్లు తెలుగునాట ఎక్కడుంది? ఒక భాగం విని, అందులో మీ ఇంట్లో ఎవరైనా అనే వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. సగానికి తగ్గితే వదిలేయడమే మంచిది.

మరీ చిన్న పిల్లల విషయంలో తెర మీద ఆశ పెట్టుకోకూడదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కుల్ బృందం 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించారు. మనుషులు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. అవే మాటలు, అదే వ్యవధిలో వీడియోలో చూపించిన పిల్లలకు ఏమీ పట్టుబడలేదు. కాబట్టి త, ట తేడా, ల, ళ తేడా పసివాళ్ల చెవిలో నిలబడాలంటే ఎత్తుకుని మాట్లాడాల్సింది మనిషే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాదిన్నర లోపు వీడియో కాల్ తప్ప తెర వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట, అదీ మంచి కార్యక్రమాలు, పెద్దవాళ్లు పక్కనుండి చూపించాలి. ఆ గంటలో తెలుగుకు దక్కేది కొంతే కనుక ఎంపికకు అంత పట్టింపు.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా తమ్ముడి కూతురు ఉంది. ఆరేళ్లు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో ఇస్తుంది. రోజూ డబ్బింగ్ కార్టూన్ చూసేది. శబ్దం తీసి చూస్తే మా తమ్ముడికే కథంతా తెలిసిపోయింది. దాని బదులు ఏం పెట్టాలని చాలా వెతికాం. ‘లిటిల్ సోల్జర్స్’ లో పిల్లల మాటలు చక్కగా ఉంటాయి, కానీ తల్లిదండ్రులు పోయే కథ ఆ వయసుకు బరువు. గుణశేఖర్ పిల్లలతో తీసిన 1997 నాటి ‘రామాయణం’ లో నటించింది పిల్లలే అయినా మాట గ్రాంథికం వైపు మొగ్గుతుంది. చివరికి 1957 నాటి ‘మాయాబజార్’ దగ్గర ఆగాం. మూడు గంటల సినిమాను ఆరేళ్ల పిల్లకు ఒక్కసారి చూపించే పని కాదు కాబట్టి, పదిహేను నిమిషాల ముక్కలుగా విడదీసుకున్నాం.

మొదటి ముక్కగా ప్రియదర్శిని పెట్టె ఉన్న భాగం తీసుకున్నాం. ఆ పెట్టెను ఎవరు తెరిస్తే వాళ్లకు ఎంతో ఇష్టమైనది కనిపిస్తుంది. ఒక్కొక్కరు తెరుస్తుంటే పక్కవాళ్లు ఏమంటున్నారో వినకపోతే అందులో రసం పట్టుబడదు. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు రాజుల ఇళ్లలో జరిగేవైనా తేలికగా, చమత్కారంగా ఉంటాయి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి సన్నివేశాలు ఇంకా బాగా పనికొస్తాయి. కంటికి కనిపిస్తున్నది అమ్మాయి, ఆ మాటల్లో తొణికేది రాక్షసుడి ధాటి. ఆ పొత్తు కుదరకపోవడమే నవ్వు. దాన్ని అందుకోవాలంటే పిల్ల కళ్లతో పాటు చెవులనూ వాడక తప్పదు.

ఒకే ముక్కను వారం పాటు చూపించమన్నాను. పెద్దవాళ్లకు ఇది విసుగు, పిల్లలకు కాదు. అమెరికాలో నికలోడియన్ చానల్ 1996లో ‘బ్లూస్ క్లూస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఒకే భాగాన్ని వరసగా ఐదు రోజులు ప్రసారం చేసింది. చూస్తూ పోయే కొద్దీ పిల్లలు తెరతో ఎక్కువ మాట్లాడారని, ముందే జవాబులు చెప్పారని పరిశోధకులు గమనించారు. మొదటిసారి కథ తెలుసుకోవడంతోనే సరిపోతుంది. మాట మీదికి ధ్యాస వెళ్లేది కథ తెలిసిపోయాకే. మా పాప కూడా మొదట ‘హూ ఈజ్ దట్?’ అని మాత్రమే అడిగింది. తర్వాత్తర్వాత ‘ఏమన్నాడు?’ అనడం మొదలైంది. ఇలా అడుగుతుంటే కార్యక్రమం పనిచేస్తున్నట్టు లెక్క. ఎవరైనా పడినప్పుడే నవ్వి, మిగతా వేళ మౌనంగా చూస్తుంటే అది బొమ్మనే చూస్తోందని అర్థం.

చూడడంతో సగం పనే అయింది. రోబర్టా గోలింకాఫ్, కేథీ హర్ష్-పాసెక్‌లతో కలిసి సారా రోజ్‌బెరీ చేసిన 2014 నాటి అధ్యయనంలో రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లలు వీడియో కాల్‌లో ఎదురుగా మాట్లాడిన మనిషి నుంచి కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారు. అదే మనిషి రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేకపోయారు. తెరలో ఉన్న మనిషి తమకు జవాబు చెప్పడమే ఆ తేడా. అందుకని ఫ్రిస్కోలో సాయంత్రం ఏడున్నరకు, అంటే ఎండాకాలంలో తెనాలిలో ఉదయం ఆరింటికి, మా అమ్మ పాపతో వీడియో కాల్ కలిపేది. ‘ఏమే బంగారం, ఆ పెట్టె ఎవరు తెరిచారు?’ అని అడిగేది. పాప ఒకరోజు తన గురించే చెబుతూ ‘నాయనమ్మా, నేను తెరిచింది’ అంది. సినిమాలో విన్న క్రియను తీసుకుని తనకు తగిలించుకుంది. అమ్మ తప్పని చెప్పలేదు. ‘నువ్వు తెరిచావా? తెరిస్తే ఏం కనిపించింది?’ అంది. ‘తెరిచాను. కుక్కపిల్ల.’ దిద్దుబాటు అంతే. ఈ తప్పు నాకు చాలా సంతోషం కలిగించింది. ఇంగ్లిష్‌లో జవాబు చెప్పి తప్పించుకునే పిల్ల తెలుగు క్రియను తనంతట తాను వాడబోయింది.

యాస మాట ఒకటి చెప్పాలి. మా మరదలిది కరీంనగర్. ఇంట్లో పాపను ‘ఏం చేస్తున్నవ్, తిన్నవా’ అంటుంది. పిల్లల వీడియోల్లో వినబడేది ఎక్కువగా కోస్తా తెలుగు. ఒక్క తీరే వింటూ పెరిగితే అమ్మ తెలుగు వేరేదేదో అని పిల్లకు అనిపించవచ్చు. అది జరగకూడదు. పదేళ్లు దాటిన పిల్లలున్న తెలంగాణ కుటుంబాలు 2023లో వచ్చిన ‘బలగం’ కలిసి కూర్చుని చూడవచ్చు. చావుతో మొదలయ్యే కథ కనుక చిన్నపిల్లలకు వద్దు. ఆరేళ్ల పాప కోసం కరీంనగర్ అమ్మమ్మ ఫోన్‌లో కథలు రికార్డు చేసి పంపుతోంది. పది నిమిషాలకు మించకుండా, మధ్యలో పాప పేరు పెట్టి పిలుస్తూ చెబుతుంది.

ఇక తెర వెనక సంగతులు. ఇండియాలో తెలుగు ఆడియోతో కనబడిన సినిమా అమెరికాలో అదే యాప్‌లో తెలుగు లేకుండా కనబడవచ్చు, హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి కాబట్టి. చందా కట్టే ముందు ఆ దేశంలోనే భాషల జాబితా తెరిచి చూసుకోవాలి. యూట్యూబ్‌లో దానంతటది తర్వాతి వీడియోకు పోయే ఏర్పాటు ఉంచితే నాలుగో వీడియోకి పిల్ల హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. అది ఆపేసి, మీరు విని ఎంచినవాటితో ఒక జాబితా చేసి అదే తెరవండి.

చదవడం వచ్చిన పెద్దపిల్లలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెద్ద అడ్డు. కళ్లు వద్దన్నా చదివేస్తాయి. 2009లో హోల్గర్ మిట్టరర్, జేమ్స్ మెక్వీన్ డచ్ వాళ్లకు తెలియని యాసలో ఉన్న ఇంగ్లిష్ వీడియోలు చూపించారు. వింటున్న ఇంగ్లిష్‌నే అక్షరాల్లో ఇచ్చినప్పుడు ఆ యాస చెవికి అలవాటైంది. డచ్ సబ్‌టైటిల్స్ ఇస్తే అడ్డం వచ్చాయి. అది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షే అయినా, పదేళ్ల పిల్లవాడు ఇంగ్లిష్ అక్షరాల మీదే కళ్లు నిలిపి తెలుగు సినిమా చూసేయడం ఏ ఇంట్లోనైనా కనబడుతుంది. వాటిని తీసేయండి. మొదటి రోజు అర్థం కాలేదని గోల చేస్తాడు. అప్పుడు ఎక్కడ తెలియలేదో అక్కడ ఆపి, ఆ వాక్యాన్ని మీ ఇంటి తెలుగులో ఒకసారి అని, మళ్లీ అదే చోటు నుంచి నడిపించండి.