మెల్లగా మాట్లాడుకున్నా వినబడుతుంది

ఖమ్మంలో మా అక్కావాళ్లది రెండు గదుల పోర్షను. ముందు హాలు, వెనక పడకగది, పక్కన చిన్న వంటిల్లు. వాళ్లమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఫిబ్రవరి మొదట్లో నాకు ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మకీ నాన్నకీ ఒక ఉత్తరం రాశాను, చూసి చెప్తావా? నోటితో చెప్తే గొడవైపోతోంది" అంది.

ఆ ఉత్తరంలో మొదటి వాక్యమే "మీకు నా చదువంటే లెక్కలేదు" అని ఉంది. మా బావ ఆ ఒక్క ముక్క చదివి కాగితం మడిచేసేవాడు. కోపంలో ఒక్క వివరమూ లేదు. అందుకని నాలుగు రోజులు ఓ పని చెయ్యమన్నాను. చదువుకోవడానికి కూర్చున్నప్పటి నుంచి ఎప్పుడు లేచావో, ఎందుకు లేచావో, మళ్లీ ఎప్పుడు కూర్చున్నావో టైముతో సహా నోటుబుక్కులో రాసుకో, ఎవరినీ ఏమీ అనకు అని చెప్పాను.

మంగళవారం పేజీ చూస్తే చాలు. సాయంత్రం 5.10కి ఫిజిక్స్ తీసింది. కిర్కాఫ్ నియమాలు రాసి, వాటితో వీట్‌స్టన్ బ్రిడ్జి సంతులన నియమాన్ని రాబట్టే పెద్ద ప్రశ్న. అలవాటైన పిల్లలకు అది 25 నిమిషాల పని. 5.18కి పెళ్లి కార్డు ఇచ్చి, బొట్టు పెట్టి పిలవడానికి బంధువులొచ్చారు. మంచినీళ్లిచ్చి, టీ పెట్టి, పలకరించి మళ్లీ కూర్చునేసరికి 5.50. ఆరుంబావుకి కింది పోర్షన్ ఆవిడ పాలలోకి తోడు కోసం వచ్చి పది నిమిషాలు నిలబడి మాట్లాడింది. 6.30 నుంచి 6.48 దాకా అమ్మ హాల్లో ఫోన్లో ఉంది. ఆ జవాబు పూర్తయ్యేసరికి ఏడు.

అంటే గంటా యాభై నిమిషాలు. అందులో అంతరాయాలు మూడూ కలిపి 60 నిమిషాలు, జవాబుకు పట్టే సమయం 25. ఇంకో 25 నిమిషాలు ఏమయ్యాయి? ఇంట్లో పెద్దవాళ్ల లెక్కలోకి రానివి ఆ పాతిక నిమిషాలే. "వచ్చినవాళ్లు అరగంటే కదా కూర్చున్నారు" అంటాం మనం. ఆ ప్రశ్నకు బొమ్మలో రెండు లూపులుంటాయి. ఏ తీగలో విద్యుత్తు ఎటు పోతోందో, ఏ పదానికి ప్లస్, దేనికి మైనస్ అన్నది కాగితం మీద కొంత, తలలో కొంత ఉంటుంది. లేచి వెళ్లి టీ పోసి వచ్చేసరికి కాగితం మీదిది ఉంటుంది, తలలోది పోతుంది. దాన్ని మళ్లీ మొదట్నుంచీ పేర్చుకోవాలి. ఆరోజు ఆమె రెండో లూపులో ఒక మైనస్ వదిలేసింది. చివర్లో నిరోధాల నిష్పత్తి రుణసంఖ్యగా వచ్చింది. నిరోధానికి మైనస్ ఉండదు కాబట్టి తప్పు పడిందని తెలిసింది, కానీ ఎక్కడ పడిందో వెతకడానికి ఇంకొంత సేపు పోయింది.

ఇంకోటి కూడా ఆ పేజీల్లో కనిపించింది. ఎవరొచ్చినా లేచింది తనే. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు ఒక్కసారీ లేవలేదు. ఆడపిల్లకు అతిథి వచ్చాడంటే చప్పుడొక్కటే కాదు, పని కూడా వచ్చినట్టే.

మా అక్క దగ్గర దీనికో జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "మెల్లగానే మాట్లాడుకుంటున్నాం కదే!" అక్క అబద్ధమాడటం లేదు. చదువు పాడయ్యేది గట్టి చప్పుళ్ల వల్లే అని మనందరం అనుకుంటాం. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఇందుకు వేరే మాట చెప్పింది. కొందరికి అక్షరాల వరుసలు చూపించి, అదే వరుసలో గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. వెనక జర్మన్ భాషలో ఎవరో చదువుతున్న గొంతు వినిపించారు. విన్నవాళ్లకు జర్మన్ రాదు. పట్టించుకోవద్దని ముందే చెప్పారు. అయినా నిశ్శబ్దంలో కంటే తప్పులు పెరిగాయి. తర్వాత వచ్చిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. మామూలు మాటల స్థాయిలో గొంతు తగ్గించినా నష్టం పెద్దగా తగ్గదు. ఒకేలా సాగే చప్పుడు అంత ఇబ్బంది పెట్టదు, క్షణక్షణం మారిపోయే చప్పుడే పెడుతుంది. మనిషి మాటంత మారేది ఇంకేముంటుంది? అందుకే తలమీద ఫ్యాను గరగరలాడుతున్నా చదువు సాగుతుంది, పక్కగదిలో గుసగుసలు సాగనివ్వవు.

ఫోన్ మాటలు ఇంకా కష్టం. 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరి సంభాషణ పూర్తిగా వినిపించినప్పటికంటే, ఒక వైపు మాటలే వినిపించినప్పుడు శ్రద్ధ ఎక్కువగా చెదురుతుందని చూపించారు. "ఆఁ... అవునా?... ఎంతిస్తున్నారట?" అని వినబడితే అవతలివాళ్లు ఏమన్నారో మనసు దానంతటదే ఊహించుకుంటూ పోతుంది.

అయితే చదివే ప్రతిదీ ఇలా దెబ్బతినదు. వరుస తప్పకుండా తలలో పట్టుకోవాల్సిన పనికే ఈ బాధ ఎక్కువ. నోట్సు చక్కగా ఎత్తి రాసుకోవడం, ముందే వచ్చిన పాఠాన్ని ఒకసారి తిరగేయడం మాటల మధ్య కూడా నడుస్తాయి. ఉత్తరంలో బేరానికి చోటు దొరికింది ఇక్కడే. రోజంతా ఇల్లు మూగపోవాలని అడిగితే ఏ ఇంట్లోనూ కుదరదు. రెండో ఉత్తరం ఇలా వచ్చింది:

"అమ్మా, నాన్నా,

నాలుగు రోజులు నేను లేచిన టైములన్నీ రాశాను, ఈ కాగితం వెనక ఉన్నాయి. ఎవరినీ తప్పు పట్టడానికి రాయలేదు. నాకు కావాల్సింది సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు. లెక్కలు, ఫిజిక్స్ పెద్ద ప్రశ్నలు అప్పుడే చేస్తాను. ఆ మూడు గంటలూ హాల్లో కాకుండా పడకగదిలో తలుపేసుకుని కూర్చుంటాను. టీవీ, ఫోన్ మాటలు ఆ టైములో వద్దు. తప్పకపోతే ఫోన్ డాబా మీదికి తీసుకెళ్లండి. తలుపు కొడితే తమ్ముడు తీస్తాడు, మంచినీళ్లు కూడా వాడే ఇస్తాడు.

పెళ్లికి పిలవడానికి వచ్చేవాళ్లని రావద్దనలేమని నాకూ తెలుసు. వాళ్లు ముందు ఫోన్ చేస్తారు కదా, పొద్దున పది తర్వాత రమ్మనండి. మిగతావాళ్లతో 'అమ్మాయికి పరీక్షలు, ఆఖరి పేపరు అయ్యాక భోజనానికే రండి' అనండి. అలా అంటే ఎవరూ నొచ్చుకోరు. రాత్రి ఎనిమిది తర్వాత ఎవరొచ్చినా నేనే బయటికొచ్చి పలకరిస్తాను, నోట్సు హాల్లోనే రాసుకుంటాను. కానీ ఎన్ని మార్కులొస్తాయని నన్నడిగితే, జవాబు మీరు చెప్పండి. పరీక్ష పొద్దున తొమ్మిదికి కాబట్టి ముందు రోజు రాత్రి పదికల్లా లైటు ఆపేద్దాం.

ఆఖరి పేపరు అయిన రోజు నుంచి ఇవేవీ ఉండవు."

మా బావ ముందు కాగితం వెనక్కి తిప్పి టైములే చదివాడట. ఆ పాతిక నిమిషాల దగ్గర ఆగి, వేళ్లు మడిచి లెక్క సరిచూసుకున్నాడట. అక్క ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. కింది పోర్షన్ ఆవిడకు ఎలా చెప్పాలన్నదే ఆమె బెంగ. చివరికి రోజూ నాలుగున్నరకే ఓ చిన్న గిన్నెలో తోడు వేసి తమ్ముడి చేత కిందికి పంపడం మొదలుపెట్టింది. ఉత్తరంలో లేని ఉపాయం అది. ఒక బుధవారం ఎవరో చెప్పకుండా వచ్చి గంట కూర్చున్నారు, ఆ సాయంత్రం పోయినట్టే. మిగతా రోజులు చాలావరకు నిలబడ్డాయి.

మంగళవారం పేజీలో "6.30–6.48, అమ్మ ఫోన్" అని మాత్రమే ఉంది. అవతల ఎవరో ఆమె రాయలేదు. నా ఫోన్ తీసి ఆరోజు కాల్స్ చూసుకున్నాను. 6.30కి అక్కకి చేసింది నేనే. సాయంత్రం వంట పనిలో ఉండగా అక్కతో మాట్లాడటం నాకు ఏళ్ల అలవాటు. ఇప్పుడు ఎనిమిదిన్నరకి చేస్తున్నాను.