బిల్లు రాసిన రోజా, డబ్బు చేతికొచ్చిన రోజా?

చిన్న సేవా వ్యాపారంలో ఆదాయాన్ని ఏ రోజు లెక్కలోకి తీసుకోవాలన్నదానికి ఆదాయపు పన్ను చట్టం రెండు దారులు ఇచ్చింది. డబ్బు చేతికి అందిన రోజున రాసుకునేది నగదు పద్ధతి. పని పూర్తయి, డబ్బు అడిగే హక్కు వచ్చిన రోజునే రాసుకునేది మర్కంటైల్ పద్ధతి. దీన్నే అక్రూవల్ అంటారు. నగదు పద్ధతి అంటే నోట్ల లావాదేవీలని కాదు, బ్యాంకులో పడినా యూపీఐలో వచ్చినా అందినట్టే. 1961 నాటి చట్టంలోని 145వ సెక్షన్ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంది. కొంత అలా, కొంత ఇలా రాసే మిశ్రమ పద్ధతికి 1997-98 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి చోటు లేదు. కంపెనీగా నమోదైతే ఎంపికే లేదు, కంపెనీల చట్టం ప్రకారం అక్రూవల్ తప్పనిసరి. సొంత పేరుతో నడిపేవారికీ, భాగస్వామ్య సంస్థలకూ, ఎల్ఎల్‌పీలకూ మాత్రం రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

తేడా ఎక్కడ తగులుతుందో మార్చి నెల బిల్లు చెబుతుంది. విజయవాడలో ఒక ఇంటీరియర్ డిజైనర్ ఒక కంపెనీ ఆఫీసు పని ముగించి, 2025 మార్చి 20న 4 లక్షల రూపాయల ఫీజుకు బిల్లు ఇచ్చాడనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ మరో 72 వేలు. కంపెనీ మార్చిలోనే బిల్లును తన పుస్తకాల్లో రాసుకుని, ఫీజుపై 10 శాతం, అంటే 40 వేలు టీడీఎస్ పట్టుకుంది. మిగిలిన డబ్బు అక్టోబరులో గాని రాలేదు. డిజైనర్ 30 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి ఈ ఫీజుపై సెస్సుతో కలిపి పన్ను 1,24,800 రూపాయలు.

మర్కంటైల్ పద్ధతిలో ఇది 2024-25 ఆదాయం. టీడీఎస్ పోగా మిగిలిన 84,800 అతను జేబులోంచి కట్టాలి, ఆ బిల్లు తాలూకు ఒక్క రూపాయి కూడా అప్పటికి అతనికి ముట్టలేదు. నగదు పద్ధతిలో ఇదే ఫీజు 2025-26 ఆదాయం అవుతుంది. పన్ను తగ్గదు, శ్లాబు మారితే తప్ప. గడువు మాత్రం ఒక ఏడాది జరుగుతుంది. జీఎస్టీకి ఈ వెసులుబాటు వర్తించదు. బిల్లు మార్చిలో ఇచ్చాడు కాబట్టి, నెలవారీ రిటర్ను వేసేవాడైతే ఆ 72 వేలు ఏప్రిల్ 20కల్లా కట్టాల్సిందే. ఆదాయపు పన్నుకు నగదు పద్ధతి ఎంచుకున్నాం కదా అని జీఎస్టీని కూడా ఆపేసి, తర్వాత వడ్డీతో కట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

నగదు పద్ధతిలో అసలు చిక్కు టీడీఎస్ దగ్గర వస్తుంది. కంపెనీ పట్టుకున్న 40 వేలు ఫారం 26ఏఎస్‌లో 2024-25 కింద కనిపిస్తాయి, ఆదాయమేమో మరుసటి ఏడాదిది. ఆదాయం ఏ సంవత్సరం చూపిస్తే టీడీఎస్ కూడా ఆ సంవత్సరమే వాడుకోవాలన్నది 37బీఏ నియమం. అందువల్ల మొదటి ఏడాది రిటర్నులోని టీడీఎస్ పట్టికలో ఆ మొత్తాన్ని ముందుకు తీసుకెళ్తున్నట్టు చూపాలి. ఆదాయం చూపకుండా టీడీఎస్ మాత్రం వాడుకుంటే లెక్క సరిపోలేదని నోటీసు రావచ్చు.

ఖర్చులకూ ఇదే సూత్రం. మార్చి అద్దె ఏప్రిల్‌లో కట్టితే నగదు పద్ధతిలో అది కొత్త ఏడాది ఖర్చే. రాని బాకీ విషయంలో నగదు పద్ధతి నిశ్చింత, అందని డబ్బు ఎప్పుడూ ఆదాయం కాలేదు కాబట్టి. మర్కంటైల్‌లో ముందు పన్ను కట్టి, వసూలు కాదని తేలాక పుస్తకాల్లో రాని బాకీగా కొట్టేసిన ఏడాదే ఆ మేరకు తగ్గింపు దొరుకుతుంది.

అయితే డబ్బు ముందే వచ్చే వ్యాపారంలో లెక్క తిరగబడుతుంది. ఏడాది ఫీజు మార్చిలోనే కట్టించుకునే కోచింగ్ సెంటర్ నగదు పద్ధతిలో ఉంటే, ఇంకా చెప్పని పాఠాలకు కూడా ఆ మార్చికే పన్ను లెక్క పడుతుంది. మర్కంటైల్‌లో ఆ అడ్వాన్సు పాఠాలు చెప్పేదాకా బాధ్యతగా ఉంటుంది. అందుకే ఎంచుకునే ముందు చూడాల్సింది ఒకటే: పని ముందా, డబ్బు ముందా? పని చేశాక నెలల తరబడి ఎదురుచూసేవారికి నగదు, ముందే వసూలు చేసేవారికి మర్కంటైల్ నప్పుతాయి.

ఒకసారి ఎంచుకున్నాక ఏటా మార్చడం కుదరదు. పద్ధతిని క్రమంగా పాటించకపోతే పుస్తకాలను తోసిపుచ్చి తానే ఆదాయాన్ని నిర్ణయించే అధికారం పన్ను అధికారికి ఉంది. సరైన కారణంతో మారేటప్పుడు మార్చి 31 నాటి రావాల్సిన బిల్లుల జాబితా విడిగా తయారు చేసుకోవాలి. మర్కంటైల్ నుంచి నగదుకు వచ్చినవారు ఈ జాబితా లేకుంటే, నిరుడు పన్ను కట్టేసిన బిల్లు డబ్బు ఈ ఏడు బ్యాంకులో పడగానే దాన్ని మళ్లీ ఆదాయంగా రాసేస్తారు. నగదు నుంచి మర్కంటైల్‌కు వెళ్లినవారి ఇబ్బంది వేరు. పాత బిల్లు ఏ ఏడాది లెక్కలోకీ రాకుండా జారిపోతుంది, పరిశీలనలో దొరికితే జరిమానా దాకా వెళ్తుంది.