గిటారు మెట్ల మధ్య దూరం: తంత్రి పొడవు, సమవిభాగ గణితం

వ్యాససంగ్రహం:
గిటారు మెడమీద మెట్లు నట్ దగ్గర ఎడంగాను, శబ్దపేటిక వైపు పోయేకొద్దీ దగ్గరగాను ఉంటాయి. ఈ అమరికకు కారణం తంత్రి పొడవుకు, పౌనఃపున్యానికి గల విలోమ సంబంధమనీ, స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా విభజించే పద్ధతి అనీ ఈ వ్యాసం వివరిస్తుంది. 650 మిల్లీమీటర్ల తంత్రిని ఉదాహరణగా తీసుకొని మెట్ల స్థానాలను గణించి, ఆ గణితానికి ఉన్న పరిమితిని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: గిటారు, మెట్టు, తంత్రి, పౌనఃపున్యం, స్థాయి, గుణశ్రేఢి, సెంటు.

1. ఉపోద్ఘాతం

వీణకు మెట్లను మైనంమీద నిలుపుతారు. వాటిని అమర్చే నిపుణుడు స్వరాన్ని చెవితో సరిచూసుకుంటూ మెట్టును అటూ ఇటూ జరపగలడు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. చెక్కలో రంపంతో సన్నని గాడి కోసి, అందులో లోహపు మెట్టును దిగగొడతారు. గాడి పడిన తరువాత దానిని జరపడం సాధ్యం కాదు. అందువల్ల గిటారు మెట్టు స్థానాన్ని ముందుగానే లెక్కగట్టవలసి ఉంటుంది.

2. తంత్రి పొడవు, పౌనఃపున్యం

తంత్రి బిగువు, మందం మారనంత వరకు దాని పౌనఃపున్యం పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. అంటే స్వరం ఒక స్థాయి పైకి చేరుతుంది. ఫ్రాన్సుకు చెందిన మెర్సెన్ 1636లో ప్రచురించిన గ్రంథంలో తంత్రుల కంపన నియమాలను వివరించాడు. గిటారు వాదకుడు ఒక మెట్టు వెనుక తంత్రిని నొక్కినప్పుడు, ఆ మెట్టునుండి బ్రిడ్జి వరకు ఉన్న భాగమే కంపిస్తుంది. కాబట్టి మెట్టు స్థానాన్ని నిర్ణయించడమంటే మిగిలే పొడవును నిర్ణయించడమే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. చెవి స్వరాంతరాన్ని పౌనఃపున్యాల తేడాగా కాక నిష్పత్తిగా గుర్తిస్తుంది. గిటారు ఐదవ తంత్రి నొక్కకుండా మీటితే 110 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. మొదటి మెట్టు దగ్గర అది సుమారు 116.5 అవుతుంది, పెరుగుదల 6.5 హెర్ట్జ్. పదకొండవ మెట్టునుండి పన్నెండవ మెట్టుకు పోతే 207.7 నుండి 220కి చేరుతుంది; పెరుగుదల 12.3 హెర్ట్జ్. తేడాలు వేరైనా నిష్పత్తి ఒక్కటే గనుక చెవికి రెండూ ఒకే అంతరంగా వినిపిస్తాయి.

3. పన్నెండు సమాన నిష్పత్తులు

స్థాయి అంటే 1:2 నిష్పత్తి. దానిని పన్నెండు సమాన అంతరాలుగా విభజించాలంటే, తనను తాను పన్నెండుసార్లు గుణించుకుంటే 2 వచ్చే సంఖ్య కావాలి. అది రెండు యొక్క పన్నెండవ మూలం, సుమారు 1.05946. ప్రతి మెట్టు దగ్గర పౌనఃపున్యం ఈ సంఖ్యతో గుణింపబడుతుంది. మిగిలే పొడవు ఇదే సంఖ్యతో భాగింపబడుతుంది. నట్ నుండి n-వ మెట్టుకు గల దూరం d, తంత్రి మొత్తం పొడవు L అయితే:

d = L × (1 − 2^(−n/12))

మిగిలే పొడవులు గుణశ్రేఢిలో ఉంటాయి. గుణశ్రేఢిలోని పక్కపక్క పదాల భేదాలు కూడా అదే నిష్పత్తితో తగ్గుతాయి. అందువల్ల ప్రతి ఎడమూ దాని ముందరి ఎడంలో సుమారు 94.4 శాతం మాత్రమే ఉంటుంది. మెట్లు దగ్గరపడటానికి గణిత కారణం ఇదే.

4. ఒక ఉదాహరణ: 650 మిల్లీమీటర్ల తంత్రి

శాస్త్రీయ గిటార్లలో 650 మి.మీ. సాధారణమైన పొడవు. పై సూత్రం ప్రకారం మెట్ల స్థానాలు ఇలా ఉంటాయి.

| మెట్టు | నట్ నుండి దూరం (మి.మీ.) | ముందరి మెట్టునుండి ఎడం (మి.మీ.) |
|---|---|---|
| 1 | 36.48 | 36.48 |
| 2 | 70.92 | 34.43 |
| 3 | 103.42 | 32.50 |
| 12 | 325.00 | 19.33 |
| 13 | 343.24 | 18.24 |

పన్నెండవ మెట్టు సరిగ్గా సగం పొడవు దగ్గర పడుతుంది. పదమూడవ ఎడం మొదటి ఎడంలో సరిగ్గా సగం. అక్కడినుండి మొదటి స్థాయి అమరికే సగం పరిమాణంలో పునరావృతమవుతుంది.

సమాన ఎడాలతో మెట్లు వేస్తే ఏమవుతుందో కూడా చూడవచ్చు. 325 మి.మీ.ను పన్నెండుతో భాగిస్తే ఒక్కొక్క ఎడం 27.08 మి.మీ. అవుతుంది. సమవిభాగంలో ఒక్కొక్క అంతరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. ఈ అమరికలో మొదటి మెట్టు నట్ స్వరంకంటే 74 సెంట్లే పైన ఉంటుంది. పన్నెండవ మెట్టు మాత్రం పదకొండవ దానికంటే 139 సెంట్లు పైన ఉంటుంది. పన్నెండవ మెట్టు దగ్గర స్థాయి సరిగానే కుదిరినా, నడుమ ఉన్న స్వరాలన్నీ తప్పుతాయి.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. ప్రతి ఎడాన్నీ ముందరి మెట్టునుండి కొలిస్తే పొరపాట్లు పోగుపడతాయి. ఒక్కొక్క ఎడంలో 0.1 మి.మీ. చొప్పున ఒకే దిశలో తప్పితే పన్నెండవ మెట్టు 1.2 మి.మీ. తొలగి, స్వరం ఆరు సెంట్లకు పైగా తప్పుతుంది. కనుక అన్ని స్థానాలనూ నట్ నుండే కొలవడం క్షేమం.

5. పద్దెనిమిదవ వంతు నియమం

ఖగోళశాస్త్రజ్ఞుడు గలీలియో తండ్రి విన్సెంజో గలీలీ సంగీత సిద్ధాంతవేత్త. ల్యూట్ వాద్యానికి మెట్లు వేసేందుకు ఆయన 1581లో 18:17 నిష్పత్తిని ప్రతిపాదించాడు. మిగిలిన పొడవులో పద్దెనిమిదవ వంతు ముందుకు జరిగి తరువాతి మెట్టు వేయాలన్నది దాని సారాంశం. మూలాల గణనతో పనిలేకుండా విభాగినితోనే కొలవదగిన సులభ పద్ధతి ఇది. అసలు ఉండవలసిన భాజకం 17.817.

ఈ చిన్న తేడా క్రమంగా పోగుపడుతుంది. పన్నెండుసార్లు ఈ నియమాన్ని పాటిస్తే 650 మి.మీ. తంత్రిలో 325కి బదులు 327.36 మి.మీ. మిగులుతుంది. పన్నెండవ మెట్టు మధ్యబిందువుకు 2.36 మి.మీ. ముందే ఆగుతుంది, స్వరం సుమారు 12.5 సెంట్లు తగ్గి పలుకుతుంది. అయితే తంత్రిని వేలితో నొక్కినప్పుడు స్వరం కొద్దిగా పెరుగుతుంది గనుక, ఈ తగ్గుదలలో కొంత ఆచరణలో భర్తీ అవుతుంది.

6. సూత్రం ఆగేచోటు

ఆ పెరుగుదలే సూత్రానికి ఉన్న పరిమితి. తంత్రి బిగువు మారదన్నది మన ఊహ. వాస్తవంలో నొక్కిన తంత్రి కొద్దిగా సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. తంత్రి మెట్టుకు ఎంత ఎత్తున ఉంటే ఈ దోషం అంత ఎక్కువ. తంత్రికి సహజంగా ఉండే బిరుసుదనం కూడా ఈ దోషాన్ని పెంచుతుంది.

దీనిని గుర్తించడం సులభం. పన్నెండవ మెట్టుకు నేరుగా పైన తంత్రిని వేలితో తేలికగా తాకి మీటితే, నొక్కకుండానే పై స్థాయి స్వరం పలుకుతుంది. తరువాత అదే మెట్టు దగ్గర నొక్కి మీటి రెండింటినీ పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే, బ్రిడ్జిమీద తంత్రి ఆనే శాడిల్‌ను వెనక్కి జరిపి తంత్రి పొడవు పెంచాలి. తక్కువగా ఉంటే ముందుకు జరపాలి. అనేక గిటార్లలో శాడిల్ ఏటవాలుగా ఉండటానికి కారణం ఇదే. తంత్రులన్నింటికీ అవసరమైన సవరణ ఒకే కొలతలో ఉండదు. మెట్లు మాత్రం సూత్రం చెప్పిన చోటే ఉంటాయి.

7. ముగింపు

సమవిభాగంవల్ల ప్రతి అంతరమూ శుద్ధంగా ఉండదు. 5:4 నిష్పత్తిగల శుద్ధ గాంధారం 650 మి.మీ. తంత్రిపై నట్ నుండి 130 మి.మీ. దగ్గర పలుకుతుంది. నాలుగవ మెట్టు 134.1 మి.మీ. దగ్గర ఉంటుంది, స్వరం 14 సెంట్లు ఎక్కువ. పంచమంలో తేడా రెండు సెంట్లే. ఆరు తంత్రుల కిందా ఒకే మెట్టు నిలువుగా సాగే వాద్యంలో, ఏ స్వరాన్నైనా షడ్జంగా స్వీకరించే సౌలభ్యం కోసం ఈ రాజీ తప్పనిసరి అయింది. మెట్ల మధ్య తగ్గుతూపోయే దూరం ఆ రాజీ చెక్కమీద తీసుకున్న రూపం.