ఏడు గ్లాసుల లెక్క

మా బావగారికి విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఉంది. పొట్ట పెరుగుతోందని డాక్టరుగారు హెచ్చరించాక రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నారు. నాలుగు నెలలైనా బరువు కాటా మీద ముల్లు కదల్లేదు. “అన్నం మానేసినా తగ్గకపోతే ఇంకేం మానాలోయ్, గాలి పీల్చడమా?” అని నామీద విసుక్కున్నారు. ఒక రోజంతా తిన్నవి కాకుండా తాగినవి మాత్రమే కాగితం మీద రాయమన్నాను. రాత్రికి కాగితం మీద ఏడు గ్లాసులు తేలాయి. పొద్దున లేవగానే ఇంట్లో ఒక టీ, సాయంత్రం ఇంటికొచ్చాక ఇంకోటి, మధ్యలో కొట్టు దగ్గర నాలుగు, సాయంత్రం బేరం సద్దుమణిగాక ఒక బత్తాయి జ్యూస్.

ముందు ఇంటి టీ దగ్గర కూర్చున్నాం. “రెండు స్పూన్ల పంచదారే వేస్తానురా” అంది అక్క. ఆ రెండు స్పూన్లూ వంటింటి తూకం మెషిన్ మీద వేయించాను. చెంచాను చదునుగా గీస్తే సుమారు 5 గ్రాములు పడుతుంది. కానీ అక్క చెంచా ఎప్పుడూ చదునుగా లేదు, గోపురంలా ఉంది. ఒక్కో గోపురం 7 గ్రాములు. అంటే రెండు స్పూన్లని మనం అనుకునేది దాదాపు మూడు. గ్రాము పంచదారకు 4 కేలరీలు కాబట్టి గ్లాసుకు పంచదార నుంచే 56 వచ్చాయి. దాంట్లో పోసిన పాలు 100 మిల్లీలీటర్లు, అవి వెన్న శాతం ఎక్కువున్న ఫుల్ క్రీమ్ పాలు. వాటివి మరో 88. మొత్తం 144, దాన్ని 145 అనుకుందాం. ఇంట్లో తాగే రెండు టీలకే 290.

కొట్టు దగ్గర టీ గ్లాసు చిన్నది. అందులో పాలు 60 మిల్లీలీటర్లు, పంచదార 9 గ్రాములు వేసుకున్నా 70 కేలరీల దాకా వస్తుంది. నాలుగింటికి 280. ఇక బత్తాయి జ్యూస్. పావులీటరు రసానికి 100 కేలరీలు, బండివాడు పోసిన పాకంలోని 15 గ్రాముల పంచదారకు 60, వెరసి 160. ఏడు గ్లాసులూ కలిపితే 730.

ఒక చిన్న పుల్కా 80 కేలరీలు అనుకుంటే ఇది తొమ్మిది పుల్కాల పెట్టు. వండిన అన్నంగా చెప్పాలంటే అరకిలోకి పైనే. బావగారు రాత్రి అన్నం మాని మిగుల్చుకున్నది మహా అయితే 200. ఆ లెక్క చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఇది నేను తిన్నట్టే లేదే” అన్నారు. అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

తిన్నదాన్ని కడుపు గుర్తుపెట్టుకుంటుంది, తాగినదాన్ని అంతగా పెట్టుకోదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 2000లో ఒక చిన్న పరిశీలన జరిగింది. 15 మందికి నాలుగు వారాల పాటు రోజుకు 450 కేలరీలు తీపి బిళ్లల రూపంలో, మరో నాలుగు వారాలు అన్నే కేలరీలు కూల్ డ్రింక్ రూపంలో ఇచ్చారు. బిళ్లలు తిన్న రోజుల్లో వాళ్లకు తెలియకుండానే మిగతా తిండి తగ్గింది. డ్రింక్ తాగిన రోజుల్లో తగ్గలేదు, బరువు పెరిగింది. పదిహేను మందితో ప్రపంచాన్ని తేల్చేయలేం గానీ, మన అనుభవం కూడా అదే కదా. నాలుగు ఇడ్లీలు తిన్నవాడు ఐదోది వద్దంటాడు. రెండు టీలు తాగానని ఐదో ఇడ్లీ వదిలేసినవాణ్ణి నేనింకా చూడలేదు.

పండ్ల రసం విషయంలో మనల్ని మోసం చేసేది పండు అన్న మాట. ఒక గ్లాసు రసానికి కనీసం మూడు బత్తాయిలు కావాలి. మూడు కాయలు వొలిచి, తొనలు తీసి, గింజలు ఉమ్మి తినాలంటే పావుగంట పడుతుంది. రెండోది పూర్తయ్యేసరికే చాలనిపిస్తుంది. రసమైతే రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది, పీచు వడపోత జల్లెడలో మిగిలిపోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పంచదారపై ఇచ్చిన సూచనల్లో పండ్ల రసంలోని తీపిని కూడా తగ్గించాల్సిన చక్కెరల జాబితాలోనే వేసింది. పండులో ఉన్న తీపిని, పాలల్లో సహజంగా ఉండే తీపిని వేయలేదు. రోజు మొత్తం ఆహారంలో ఆ చక్కెరల వాటా పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకు దించగలిగితే ఇంకా మేలని చెప్పింది. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని ఇంకా తేలిక చేసి, రోజుకు 25 గ్రాముల్లోపు పంచదార చాలన్నాయి. బావగారి ఏడు గ్లాసుల్లో పైనుంచి వేసిందే 79 గ్రాములు.

కూల్ డ్రింకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, సీసా వెనకే రాసి ఉంటుంది. మామూలు కోలా రకాల్లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది. సీసా మీద అంకె చూసి హమ్మయ్య పదే కదా అనుకునేవాళ్లే ఎక్కువ. ఆ పది వంద మిల్లీలీటర్లకే. ఆదివారం బిరియానీతో అరలీటరు సీసా ఒక్కరే ఖాళీ చేస్తే 50 గ్రాములు దాటినట్టు.

ఇక తగ్గించడం. బావగారు మొదట చేసిన పని అందరూ చేసే పొరపాటే. మర్నాటి నుంచి టీ బంద్ అన్నారు. మధ్యాహ్నానికల్లా తలనొప్పి, సాయంత్రానికి గుమాస్తా మీద కేకలు, మూడో రోజు మళ్లీ ఏడు గ్లాసులు. రోజూ అన్నేసి టీలు తాగే ఒంటికి కెఫీన్ ఒక్కసారిగా ఆగితే తలనొప్పి, చిరాకు రావడం మామూలే. అది ఒకటి రెండు రోజుల్లో ముదిరి, వారం పది రోజుల్లో పోతుంది. అంత బాధ పడక్కర్లేదు కూడా. మనకు పేచీ టీ ఆకుతో కాదు, అందులో కలిపినవాటితో. కాబట్టి ముందు తీపి తగ్గించి, తర్వాత గ్లాసులు తగ్గించడం సుఖం.

ఇంట్లో అక్క చెంచాను చదునుగా గీయడం మొదలుపెట్టింది. రుచిలో తేడా బావగారికి పెద్దగా తెలియలేదు. పది రోజులకోసారి పావు స్పూను చొప్పున తగ్గించుకుంటూ పోయి, గ్లాసుకు ఒక్క చదును స్పూను దగ్గర ఆగింది. ఫుల్ క్రీమ్ బదులు టోన్డ్ పాలు తెచ్చింది. ఇప్పుడు ఇంటి టీ 78 కేలరీలు. నాలుక కొత్త తీపికి అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు తిరునాళ్లకో పెళ్లికో వెళ్లి పాత లెక్కన తాగితే కంగారు పడనక్కర్లేదు, ఇంటికొచ్చి మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

కొట్టు దగ్గర చిక్కు వేరే. అక్కడ పంచదార పెద్ద గిన్నెలోనే పడి మరుగుతుంది, నా ఒక్కడికి తగ్గించవయ్యా అంటే కుదరదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలోనూ అంతే, తీపి ముందే డికాషన్‌లో కలిసిపోయి ఉంటుంది. అక్కడ పనికొచ్చేది మన పాత వన్ బై టూ. బావగారూ పక్క కొట్టు ఆయనా ఒక టీ పంచుకోవడం మొదలుపెట్టారు. నాలుగుసార్లూ తాగుతారు గానీ, పడేది రెండు గ్లాసులే. కబుర్లకు లోటేమీ రాలేదు. బెల్లం టీ బోర్డు కనపడితే మాత్రం ఆశపడొద్దు. గ్రాముకు గ్రాము చూస్తే బెల్లానికీ పంచదారకూ కేలరీల్లో ఉన్న తేడా లెక్కలోకి రానంత.

జ్యూస్ బదులు ఒక బత్తాయి కాయ వొలుచుకుంటున్నారు. కొత్త లెక్క ఇలా తేలింది. ఇంటి టీలు రెండు 156, కొట్టు దగ్గర రెండు గ్లాసుల పెట్టు 140, బత్తాయి 60. మొత్తం 356. పాతదాంట్లో సగం కంటే తక్కువ. వేసుకునే పంచదార 28 గ్రాములకు దిగింది. దాహానికి ఇంటి నుంచి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసా వెళ్తోంది. కొబ్బరి బోండానికీ అభ్యంతరం లేదు, 100 మిల్లీలీటర్లకు దాదాపు 20 కేలరీలే. సోడా తాగాలనిపిస్తే స్వీట్ కాదు, సాల్ట్ అని చెబితే చాలు.

ఒకచోట దెబ్బ తగిలింది. రెండో వారంలో పదకొండింటికల్లా విపరీతంగా ఆకలేసి, పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు లాగించారట. ఆరా తీస్తే, ఇన్నేళ్లూ హడావుడిలో టిఫిన్ ఎగ్గొట్టి తీపి టీతోనే నెట్టుకొస్తున్నారని తెలిసింది. టీ తగ్గించాక పదకొండింటికి కడుపు కాలుతోందంటే టిఫిన్ చాలలేదని అర్థం. రెండు పెసరట్లు తిని బయల్దేరడం మొదలుపెట్టాక ఆ బజ్జీల గొడవ పోయింది.

ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదు. పెరిగే పిల్లలకు, తిండి సరిగా తినలేని పెద్దవాళ్లకు పాలు కోయకూడదు, తీపి మాత్రమే కోయాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, షుగరు మాత్రల్లో కొన్ని రకాలు వాడేవాళ్లకు ఒక్కోసారి షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఆ క్షణంలో తీపి జ్యూసో పంచదార నీళ్లో మందే, వెంటనే తాగాలి. అలాంటివాళ్లు రోజూ తాగే తీపి తగ్గించేముందు డాక్టరుతో ఒక మాట చెప్పి మందు మోతాదు చూపించుకోవాలి.

మూడు నెలల తర్వాత బావగారి బరువు రెండు కిలోలు తగ్గింది. ఇంతేనా అని మొహం వేలాడేశారు. కేలరీలను కాగితం మీద భాగించినంత చకచకా ఒళ్లు తగ్గదు, బరువు దిగేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది. మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ పాత అలవాటు ప్రకారం రెండు గోపురాలేసి టీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, “ఇదేంటమ్మా, పాకం పట్టావా?” అన్నారు.