టార్గెట్ తప్పినప్పుడు రివ్యూలో ఏం చెప్పాలి?

మూడు నెలలకోసారి జరిగే సేల్స్ రివ్యూలో చాలా టీమ్‌లు స్లైడ్ల నిండా అంకెలు చూపిస్తాయి. అమ్మకం ఎందుకు తగ్గింది, ఇప్పుడేం చేయాలి అన్నవాటికి మాత్రం జవాబు దొరకదు. నివేదికలు ఎలా రాయాలో చెబుతూ, మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో ప్రచారంలోకి తెచ్చిన వరుస ఇక్కడ పనికొస్తుంది. ముందు పరిస్థితి, తర్వాత చిక్కు, ఆపైన పరిష్కారం.

జనరేటర్లు అమ్మే ఒక టీమ్‌ను ఊహించుకుందాం. జులై-సెప్టెంబర్ టార్గెట్ 10 కోట్లు, అమ్మింది 8.8 కోట్లు. డీలర్ల ద్వారా రావాల్సిన 5.5 కోట్లు వచ్చాయి. ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లకు నేరుగా అమ్మే చోట 4.5 కోట్లకు 3.3 కోట్లే వచ్చాయి. ఇదీ పరిస్థితి. గదిలో ఎవరూ కాదనలేని విషయాలే ఇందులో ఉండాలి. రెండు నిమిషాల్లో ముగించాలి.

అసలు శ్రమంతా చిక్కు దగ్గరే. ‘మార్కెట్ బాగాలేదు’ అంటే కుదరదు. ఈ టీమ్ ఎప్పటిలాగే 100 కొటేషన్లు ఇచ్చింది. అంతకుముందు త్రైమాసికంలో 30 ఆర్డర్లు రాగా, ఈసారి 22 వచ్చాయి. సగటు ఆర్డర్ 15 లక్షలు కాబట్టి, తగ్గిన 8 ఆర్డర్ల విలువే ఆ 1.2 కోట్లు. వారంలోపు వెళ్లిన 60 కొటేషన్లలో 18 ఆర్డర్లయ్యాయి. ఆలస్యంగా వెళ్లిన 40లో 4 మాత్రమే అయ్యాయి. జులై నుంచి ప్రతి డిస్కౌంటుకూ హెడ్డాఫీసు అనుమతి కావాలన్నారు. ఆలస్యం అక్కడే జరిగింది.

ఇక్కడ తొందరపడకూడదు. డిస్కౌంటు అడిగేవాళ్లు మామూలుగానే తక్కువగా కొంటారేమో! అందుకే పాత త్రైమాసికంలో డిస్కౌంటు కొటేషన్లను విడిగా చూడాలి. అప్పుడు వాటిలోనూ వందకు 30 దాకా ఆర్డర్లు వచ్చి ఉంటేనే ఆలస్యాన్ని కారణంగా చెప్పొచ్చు.

ఇక పరిష్కారం. ‘మరింత కష్టపడతాం’ అనేది పరిష్కారం కాదు. 5 శాతం దాకా డిస్కౌంటును రీజినల్ మేనేజరే ఖరారు చేసేలా నవంబర్ 1 నుంచి అనుమతి ఇవ్వాలని అడగాలి. వారం దాటిన కొటేషన్లు ఎన్నో ప్రతి సోమవారం ఆయనే లెక్క చూడాలి. త్రైమాసికంలో ఒక నెల అప్పటికే గడిచిపోతుంది కాబట్టి, పోయిన ఆర్డర్లన్నీ తిరిగొస్తాయని మాటివ్వకూడదు.

చిక్కు తొలగితే ఆ పరిష్కారంతో పని ఉండకూడదు. అలా లేకపోతే రెండూ వేర్వేరు విషయాలన్నమాట. వచ్చే రివ్యూకు స్లైడ్లు మొదలుపెట్టే ముందు ఈ మూడింటినీ మూడు వాక్యాల్లో రాసి చూడండి. రెండో వాక్యం కుదరకపోతే అసలు కారణం ఇంకా దొరకలేదని అర్థం. స్లైడ్లు పక్కనపెట్టి, చేజారిన ఆర్డర్లను ఒక్కొక్కటిగా పరిశీలించండి.