మొదటి రివ్యూ

డబ్లిన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్న జూనియర్ డెవలపర్ తన తొలి పుల్ రిక్వెస్ట్ పెట్టేసరికి రాత్రి ఒంటిగంట. రివ్యూ చేసే సీనియర్ ఉన్న సియాటిల్‌లో సాయంత్రం అయిదు. పుల్ రిక్వెస్ట్ అంటే, తాను మార్చిన కోడ్‌ను అసలు కోడ్‌లో కలపమని కోరడం. ఆమె మార్చింది ఒక్క లైనే, పేజీల లెక్క:

```
pages = total // 10 + 1
```

ఆటోమేటిక్ టెస్టులు పాసయ్యాయి. కానీ అవి తమకిచ్చిన ఉదాహరణలనే చూస్తాయి. ఇక్కడ ఉన్నది 25 ఒక్కటే. గంట తర్వాత తొలి కామెంట్ వచ్చింది: “సరిగ్గా 20 వస్తువులుంటే?” అప్పుడు జవాబు 3, మూడో పేజీ ఖాళీ. తప్పని తేల్చకుండా ఇలా ప్రశ్న వేసే రివ్యూయే మేలు. లోపం ఎక్కడుందో రాసినవారే కనిపెడతారు. ఆమె లైను మార్చింది:

```
pages = (total + 9) // 10
```

20కి కొత్త టెస్టు చేర్చి, అదే బ్రాంచ్‌కి పుష్ చేసింది. పుల్ రిక్వెస్ట్ దానంతటదే అప్‌డేట్ అయింది, టెస్టులు మళ్లీ నడిచాయి. సియాటిల్‌లో ఆఫీసు వదిలేలోపే ఆమోదం వచ్చింది.