పాత సోలార్ ప్యానెల్ కొనేముందు

సెకండ్ హ్యాండ్ సోలార్ ప్యానెల్‌కు అద్దం కన్నా వెనుక షీటే ఎక్కువ సంగతులు చెబుతుంది. ఆ షీటు పగిలినా, వేలితో రుద్దితే పొడి రాలినా లోపలికి తేమ చేరుతుంది, వానలో షాక్ కొట్టే ప్రమాదమూ ఉంటుంది. అలాంటిదాన్నీ, అద్దం పగిలినదాన్నీ ఎంత చవకగా వచ్చినా కొనకూడదు.

తర్వాతి పరీక్ష మల్టీమీటర్‌తో. 60 సెల్స్ ఉన్న 250 వాట్ల ప్యానెల్ లేబుల్ మీద Voc సుమారు 37.5 వోల్టులు, Isc సుమారు 8.8 ఆంపియర్లు అని ఉంటుంది. అవి సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి అంకెలు. మండుటెండలో సెల్ 60 డిగ్రీలకు చేరితే 33, 34 వోల్టులే రావడం సహజం. 22 చూపిస్తే మాత్రం మూడో వంతు సెల్స్ పనిచేయడం లేదు. చాలాసార్లు వెనుక పెట్టెలోని బైపాస్ డయోడ్ షార్టయి ఉంటుంది.

కరెంటు ఎండను బట్టి మారుతుంది కనుక, పక్కనే అదే వాలులో ఒక మంచి ప్యానెల్ పెట్టి పోల్చాలి. ప్యానెల్‌పై గుడ్డ కప్పి మీటరు తీగలు కలిపాకే గుడ్డ తీయాలి, మళ్లీ కప్పాకే విప్పాలి. లేకపోతే నిప్పురవ్వలు లేస్తాయి. ఈ రెండు కొలతలూ బాగున్నా లోపలి అతుకులు పాడై ఉండవచ్చు. అందుకే లోడు తగిలించి వాట్లు చూడాలి.

ప్యానెల్ సాధారణంగా ఏటా అర శాతం నుంచి ఒక శాతం దాకా శక్తి కోల్పోతుంది. పన్నెండేళ్ల 250 వాట్ల ప్యానెల్ 225 ఇవ్వగలిగితే ఇంకో పదేళ్లు ఆశించవచ్చు. 190కి పడిపోయిందంటే అది వయసు వల్ల కాదు, లోపం వల్ల. ధర లేబుల్ వాట్లకు కాక, కొలిచిన వాట్లకే కట్టాలి.